లాభం 20 లక్షలు, మరి డబ్బేది?

"పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ మాది. నికర లాభం 20 లక్షలు వచ్చింది, బ్యాంకు ఓడీ అప్పు మాత్రం 6 లక్షలు పెరిగింది. సొంతానికేమీ తియ్యలేదు. ఎందుకిలా?"

మీరు పెట్టిన బ్యాలెన్స్ షీటులోనే జవాబుందండి. తరుగుదల 4 లక్షలు చేతి నుంచి పోని ఖర్చు, లాభానికి కలిపితే 24. పిక్కల నిల్వ నిరుటికన్నా 15 లక్షలు పెరిగింది. సరుకు అమ్ముడయ్యేదాకా అది ఖర్చు కింద రాదు, డబ్బు మాత్రం వెళ్లిపోయింది. పప్పు కొన్నవాళ్ల బాకీలు 8 లక్షలు పెరిగాయి; మీరు ఇవ్వాల్సినవి 3 లక్షలే పెరిగాయి. అంటే వ్యాపారం నుంచి వచ్చిన నగదు 4 లక్షలు. అందులోంచి 10 లక్షల డ్రయ్యర్ కొన్నారు, కాబట్టి అన్నీ పోగా మిగిలే నగదు, అంటే ఫ్రీ క్యాష్ ఫ్లో, మైనస్ 6. ఓడీ పెరిగింది సరిగ్గా అంతే.

డ్రయ్యర్ ఖర్చు ఏటా ఉండదు, నిల్వ అమ్మితే డబ్బవుతుంది. నాకు భయమల్లా బాకీలతోనే. 90 రోజులు దాటినవి ముందు విడదీయండి; రానివి రద్దు చేస్తే ఆ లాభమూ తగ్గుతుంది.