పచ్చిగుడ్డు మయోనైజ్: గర్భిణికి, షుగర్ ఉన్నవాళ్లకి, చిన్నపిల్లలకి పెట్టొచ్చా?

"మాది పాలకొల్లు అండి. వచ్చే ఆదివారం పాప నాలుగో పుట్టినరోజు. శాండ్‌విచ్‌లకి మయోనైజ్, తర్వాత చాక్లెట్ మూస్, రెండూ పచ్చిగుడ్డుతో ఇంట్లోనే చేద్దామని. గుడ్లు తణుకు వైపు ఫారం నుంచి అదే రోజు వస్తాయి, నిమ్మకాయ కూడా బాగానే పిండుతా. మా వదినకి అయిదో నెల, మామయ్యగారికి షుగర్. వీళ్లు తినొచ్చా?"

పచ్చిగుడ్డుతో చేస్తే వాళ్లిద్దరికీ వద్దండి. పాపకీ వద్దు. అయిదేళ్లు నిండని పిల్లలెవరికీ పెట్టకూడదు, అంటే ఆ రోజు వచ్చే చుట్టాల్లో ముఖ్యమైనవాళ్లకే పెట్టలేరన్నమాట. పచ్చసొనని ముందు వేడి చేసి, మిగతాదంతా మామూలుగానే చేస్తే ఇంటిల్లిపాదీ తినొచ్చు. ఆ పద్ధతి కింద రాస్తాను. ముందు మీ రెండు ధీమాల సంగతి చూద్దాం.

తాజా గుడ్డు మంచిదే, లోపల బ్యాక్టీరియా ఉన్నా అది పెరగడానికి టైం దొరకదు. కానీ అసలు ఉందో లేదో తాజాదనం చెప్పదు. సాల్మొనెల్లా అనే ఆ బ్యాక్టీరియా గుడ్డులోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పెంకుకి అంటుకున్న రెట్ట, అది కంటికి కనిపిస్తుంది. రెండోది కనిపించదు: కోడి అండాశయంలోనే ఇన్ఫెక్షన్ ఉంటే పెంకు కట్టకముందే గుడ్డులోకి చేరిపోతుంది. అప్పుడు పెంకు ఎంత తెల్లగా మెరుస్తున్నా లాభం లేదు. నాటుకోడి గుడ్డుకీ ఇదే లెక్క. నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పరీక్ష గుడ్డు వయసే చెబుతుంది. ముందురోజే కడిగి పెట్టుకోవడం ఇంకా తప్పు, తడిసిన పెంకు సన్నని రంధ్రాల్లోంచి బయటి మురికిని లోపలికి లాక్కుంటుంది. చాలా గుడ్లలో ఏమీ ఉండదు, నిజమే. అందుకే ఏళ్ల తరబడి తిన్నవాళ్లు "మాకేం కాలేదు" అంటారు. కానీ పది గుడ్లు ఒకే గిన్నెలో కొడితే, ఒక్కదాంట్లో ఉన్నది గిన్నె అంతటికీ వచ్చేస్తుంది.

ఇక నిమ్మకాయ. పులుపు సాల్మొనెల్లాని చంపుతుంది, కానీ తీరిగ్గా చంపుతుంది. గంటలు పడుతుంది, పులుపు తక్కువైతే రోజులు. పైగా చల్లదనంలో ఆ పని ఇంకా నెమ్మదిస్తుంది. మనం చేసేదేమో నాలుగు చుక్కలు పిండి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం. అలా చేస్తే బ్యాక్టీరియా పెరగదు గాని చావదు కూడా. తర్వాత ఎండాకాలం మధ్యాహ్నం టేబుల్ మీద పెట్టామా, అక్కణ్నుంచి పెరుగుతుంది. తెలంగాణలో 2024 అక్టోబరు నెలాఖరున పచ్చిగుడ్డు మయోనైజ్ తయారీని, అమ్మకాన్ని ఏడాది పాటు ఆపేసింది ఊరికే కాదు.

తినకూడనివాళ్లలో గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, అరవై అయిదు దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కీమో, స్టెరాయిడ్ మందులు వాడుతున్నవాళ్లు ఉంటారని చాలామందికి తెలుసు. ఎవరూ పట్టించుకోనిది గ్యాస్ టాబ్లెట్. రోజూ పరగడుపున పాంటాప్రజోల్, ఒమిప్రజోల్ లాంటివి వేసుకునేవాళ్లకి కడుపులో ఆమ్లం తగ్గిపోతుంది, లోపలికి వచ్చిన బ్యాక్టీరియాని ఆపే మొదటి కాపలా అదే. మామయ్యగారు షుగర్ మందుతో పాటు అది కూడా వేసుకుంటున్నారేమో చూడండి, మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చాలామంది వేసుకుంటారు. వదినగారి విషయంలో భయం వాంతులు, విరేచనాలు, జ్వరంతో ఒంట్లో నీరు తగ్గిపోవడం. అరుదుగా ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లి బిడ్డ దాకా పోవచ్చు. బలానికని పాలల్లో పచ్చిగుడ్డు కొట్టి తాగించే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, దానికీ ఇదే మాట.

ఇప్పుడు పద్ధతి. పది, పన్నెండు మందికి సరిపోయే కొలత ఇది. రెండు పచ్చసొనలు, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం (30 మి.లీ.), అంతే నీళ్లు, ఒక చిన్న చెంచా పంచదార, అర చెంచా ఉప్పు, అర చెంచా ఆవపిండి. ఆవకాయకి కొట్టించినది మిగిలి ఉంటే అదే చాలు. నూనె 240 మి.లీ., వాసన లేని సన్‌ఫ్లవర్ మాత్రమే. పప్పునూనె, గానుగ వేరుశనగ నూనె పోస్తే మయోనైజ్‌కి ఆ వాసనే వస్తుంది.

నూనె తప్ప అన్నీ చిన్న మందపాటి గిన్నెలో వేసి, ఉండలు లేకుండా కలిపి, స్టవ్ బాగా సిమ్‌లో పెట్టి గరిటె ఆపకుండా తిప్పండి. అడుగు, అంచులు గీకుతూ తిప్పాలి. మొదట మజ్జిగలా పల్చగా ఉంటుంది. రెండు, మూడు నిమిషాలకి గరిటె వెనకాల గిన్నె అడుగు ఒక్క క్షణం కనపడుతుంది. ఇంకాస్తకి చిక్కబడి, ఒకటి రెండు చోట్ల 'బుడక్' మని బుడగ లేస్తుంది. అప్పుడు దించేయండి. వంటింటి థర్మామీటరు ఉంటే 71 డిగ్రీలు చూసుకోండి. పచ్చసొన ఒక్కదాన్నే వేడి చేస్తే ఆపాటికి గడ్డలు కట్టేది, నీళ్లు, పులుపు, పంచదార కలవబట్టే అంత వేడిని తట్టుకుంటుంది. అందుకే నీళ్లు తగ్గించకండి. ఒకటి రెండు పలుకులు కనపడితే వడకట్టి వాడుకోవచ్చు. గుడ్డు పొరటులా అయిపోతే మాత్రం మళ్లీ మొదలుపెట్టడమే.

నాలుగు నిమిషాలు ఆరనిచ్చి మిక్సీ చట్నీ జార్‌లో వేసి, తిరుగుతుండగా మూత రంధ్రంలోంచి నూనె మొదట చుక్కలుగా, చిక్కబడ్డాక సన్నని దారంలా పోయండి. అందరూ ఇక్కడే తొందరపడతారు. నూనె ఒక్కసారి పడినా, జార్ వేడెక్కినా విరిగిపోయి నూనె పైకి తేలుతుంది. అలా అయితే వేరే గిన్నెలో చెంచాడు గోరువెచ్చటి నీళ్లు వేసి, విరిగినదాన్ని కొంచెం కొంచెంగా దాంట్లోకి కలుపుతూ గిలకొట్టండి, దారికొస్తుంది. వీడియోల్లో చూపించినట్టు ఇంకో పచ్చసొన మాత్రం కలపకండి, అది పచ్చిది, ఇంత పడ్డ శ్రమా వృథా. పచ్చిగుడ్డు తగిలిన చెంచా, చెయ్యి కూడా సబ్బుతో కడగకుండా జార్ దగ్గరికి రాకూడదు. ఇంట్లో మిగతావాళ్లకి పచ్చిది, వీళ్లకి ఉడికినది అని రెండు గిన్నెలు పెట్టొద్దు. పిల్లల చేతుల్లో చెంచాలు అటూ ఇటూ మారిపోతాయి.

మూతపెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచుకోవచ్చు. ఆదివారం కొంచెం కొంచెంగానే బయటికి తీయండి. ఎండగా ఉంటే గంట దాటి టేబుల్ మీద ఉన్నది పారేయండి. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం పోయినా అంతే.

మూస్‌కి కూడా ఇదే కిటుకు. రెండు పచ్చసొనలు, రెండు పెద్ద చెంచాల పంచదార, 100 మి.లీ. పాలు సిమ్‌లో తిప్పుతూ, చెంచా వెనక పూతలా పట్టుకునేదాకా కాచండి. ఆ వేడిమీదే తరిగిన 100 గ్రాముల చాక్లెట్ మీద పోసి కరిగించి, బాగా చల్లారాక గిలకొట్టిన క్రీమ్ 150 మి.లీ. నెమ్మదిగా కలపండి. మామూలు మూస్‌లో నురగ కోసం వేసే పచ్చి తెల్లసొన పని ఇక్కడ క్రీమే చేస్తుంది. మిగిలిన నాలుగు తెల్లసొనలు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి అట్టు పోసేయండి.