శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం

ప్రశ్న: బెంగళూరులో వెడ్డింగ్ ప్లానింగ్ మొదలుపెడుతున్నాను. గ్యాలరీ, ప్యాకేజీలు, డేట్ ఖాళీగా ఉందో లేదో అడిగే ఫారమ్‌తో వెబ్‌సైట్ చేయించుకోవాలి. దేనిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి?

ఫారమ్ మీద. అందులోనూ తేదీ గడి మీద. మారతహళ్లిలో ఉంటూ ఎక్కువగా తెలుగువాళ్ల పెళ్లిళ్లే చేయిస్తున్నాను. నన్ను దెబ్బతీసింది ఆ ఒక్క గడే.

2025 ఫిబ్రవరి, మాఘమాసం. కె.ఆర్.పురంలో స్థిరపడిన అనంతపురం కుటుంబం, ఆడపిల్ల పెళ్లి. పిల్ల తండ్రి మా వెబ్‌సైట్లో ఫారమ్ నింపారు. మా షీట్‌లో 13వ తేదీ అని వచ్చింది. ఆ రోజు మాకు ఖాళీయే. సరేనన్నాం, ప్యాకేజీ మాట్లాడుకున్నాం, అడ్వాన్స్ తీసుకున్నాం. ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడినా "ఆ రోజు", "పెళ్లి రోజు" అనుకున్నామే తప్ప తేదీ పలకలేదు. పెళ్లి ఇంకా మూడు వారాలుందనగా హాలు చూడడానికి వెళ్లాం. మండపం ఎక్కడ వేయాలో టేపు పట్టి కొలుస్తుంటే ఆయన సంచిలోంచి లగ్నపత్రిక తీసి చేతికిచ్చారు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం, 2 గంటల 14 నిమిషములకు" అని ఉంది. 13 గురువారం కదా అన్నాను. "గురువారం ఎవరు చెప్పారమ్మా? నేను 14 నొక్కాను. హాలు కూడా 14 మధ్యాహ్నం నుంచే కదా" అన్నారు.

14 రాత్రి మా మండపం కుర్రాళ్లు హెబ్బాళలో ఇంకో పెళ్లికి ఖాయమైపోయారు. అది కన్నడవాళ్ల పెళ్లి, 15 పొద్దున ముహూర్తం. పూల మండపం ముందే కట్టి పెట్టుకునేది కాదు. కె.ఆర్.మార్కెట్ నుంచి పూలు తెచ్చి రాత్రంతా కూర్చుని కట్టాలి. ఒకే మనుషులు ఒకే రాత్రి రెండు చోట్ల ఉండలేరు. హొసూరు నుంచి వేరే టీమ్‌ను పిలిపించి, పైన పడిన 45 వేలు నేనే పెట్టుకున్నాను. ఆ టీమ్‌కు హాలు కొత్త, వాళ్లు వచ్చిందే ఆలస్యం. మగపెళ్లివారు దిగేసరికి మండపం రెండు స్తంభాలకే పూలున్నాయి, మిగతా రెండూ ఒట్టి ఇనప గొట్టాలు. పిల్ల తల్లి వాటిని చూసి, ఒక్క మాట కూడా అనకుండా హారతి పళ్లెం తీసుకుని గుమ్మం వైపు వెళ్లిపోయింది. ఆమె నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

తప్పు ఎక్కడుందో తర్వాత మా తమ్ముడు పట్టుకున్నాడు. ఆయన నొక్కింది 14, ఆయన ఫోన్లో కనిపించింది 14. మా క్యాలెండర్ విడ్జెట్ దాన్ని 14వ తేదీ అర్ధరాత్రి 12 గంటలు, మన టైమ్ అని పట్టుకుంది. షీట్‌కు పంపేముందు వెబ్‌సైట్ దాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయానికి మార్చింది. మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. కాబట్టి అది 13వ తేదీ సాయంత్రం 6:30 అయింది. టైమ్ కత్తిరించి తేదీ మాత్రం ఉంచుకుంటే మిగిలేది 13.

```js
const d = new Date(2025, 1, 14);
d.toISOString().slice(0, 10);
```

మన దేశంలోని కంప్యూటర్‌లో ఇది `2025-02-13` అని ఇస్తుంది. (ఇక్కడ నెలలు సున్నా నుంచి లెక్క, 1 అంటే ఫిబ్రవరి.) పాత ఎంక్వైరీలు తీసి చూస్తే అన్నీ ఒక రోజు వెనక్కే ఉన్నాయి. మిగతా వాళ్లు ఫోన్లో తేదీ చెప్పడం, మేం డైరీలో రాసుకోవడం వల్ల బయటపడలేదు. సైట్ చేసిన అబ్బాయి స్క్రీన్ మీద సరిగ్గా కనిపిస్తోందని ఊరుకున్నాడు, షీట్ తెరిచి చూడలేదు. మీరు చేయించుకునేటప్పుడు డబ్బు ఇచ్చేముందే ఏదో ఒక నెల 1వ తేదీ పెట్టి ఫారమ్ పంపండి. మీ షీట్‌లో ముందు నెల చివరి రోజు కనిపిస్తే ఇదే తప్పు. మందు తేలికే. తేదీని టైమ్‌గా మార్చనే కూడదు. మామూలు `<input type="date">` గడి `2025-02-14` అనే అక్షరాలనే ఇస్తుంది, వాటిని అలాగే దాచుకోవాలి.

అయితే అది సరిచేసినా మన పెళ్లిళ్లకు చాలదు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రాత్రి 2:14 అంటే పంతులుగారికి ఇంకా శుక్రవారమే, క్యాలెండర్‌కు మాత్రం 15, శనివారం. ఒకే ముహూర్తానికి ఒకరు 14 నొక్కుతారు, ఇంకొకరు 15 నొక్కుతారు, ఇద్దరూ కరెక్టే. అందుకే ఇప్పుడు మా ఫారమ్ ముహూర్తం టైమ్ కూడా అడుగుతుంది. టైమ్ అర్ధరాత్రికీ తెల్లవారుజాము 6కీ మధ్య పడితే వెంటనే కింద ఒక వాక్యం వస్తుంది: "14 శుక్రవారం రాత్రి, తెల్లవారితే 15 శనివారం. ఇదేనా?" ఔను అని నొక్కితేనే ఫారమ్ ముందుకు వెళ్తుంది. మనవాళ్లు శుభలేఖల్లో తరతరాలుగా రాసుకుంటున్న మాటే అది, ఏ పెద్దాయనకూ విడమరిచి చెప్పక్కర్లేదు. ముహూర్తం ఇంకా పెట్టించుకోనివాళ్లకు రెండు మూడు తేదీలు రాసుకునే చోటు ఉండాలి. పెళ్లి హాల్లోనా ఆరుబయటా అనీ అడగండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. ఊరి బయట లాన్ బుక్ చేసుకుని, రెండింటి ముహూర్తానికి మేళం మైకులో మోగాలనుకునేవాళ్లకు అడ్వాన్స్ తీసుకోకముందే ఆ సంగతి చెప్పాలి.

పచ్చ, ఎరుపు రంగులతో ఖాళీ తేదీలు చూపించే క్యాలెండర్ మాత్రం పెట్టకండి. మనకు ఖాళీ అంటే తేదీ కాదు, మనుషులు. రెండు పొద్దుటి పెళ్లిళ్లకు రెండు టీమ్‌లు దొరకొచ్చు. ఒక రాత్రి పెళ్లి రెండు తేదీల్ని మింగేస్తుంది. అడిగినవాళ్లకు అదే రోజు ఫోన్ చేసి, తేదీ, వారం రెండూ పలికి, అవతలివాళ్ల చేత కూడా పలికించండి.

ప్యాకేజీల గురించి ఒక్కటే. "ఒక రోజు పెళ్లి" అని రాయకండి. మనుషులు ఎప్పుడొస్తారో, ఎప్పుడు వెళ్తారో గంటలతో రాయండి. గోల్డ్, ప్లాటినం అని పేర్లు పెట్టి, కరెంటు, జనరేటర్ డీజిల్ ఎవరిదో రాయకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రేటులో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో కూడా అక్కడే ఉండాలి. ఆడపిల్ల తండ్రి ఆ అంకె చూసే అప్పు సంగతి ఆలోచించుకుంటాడు.

ఇక గ్యాలరీ. నెట్‌లో దొరికిన ఫోటోలు వద్దు. మీరు చేసినవి నాలుగే ఉంటే నాలుగే పెట్టండి, ఆ కుటుంబాలను అడిగి మరీ పెట్టండి. కెమెరా ఇచ్చిన ఫైలు అలాగే ఎక్కిస్తే ఫోన్లో తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు, 1600 పిక్సెల్స్ వెడల్పుకు తగ్గించండి. ఒక్కో పెళ్లి కింద హాలు ఎంత పెద్దదో, మండపం కట్టడానికి ఎన్ని గంటలు పట్టిందో రాయండి. మా గ్యాలరీలో మొదట ఉన్నది ఆ అనంతపురం వాళ్ల పెళ్లే. జీలకర్ర బెల్లం వేళకు నాలుగు స్తంభాలకూ పూలు వచ్చేశాయి. ఆ ఫోటో పెట్టుకోమని పిల్ల తల్లే పంపింది.