పొటాషియం పెరిగింది: తప్పు అరటిపండుదా, ఉప్పు డబ్బాదా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మలక్‌పేటలో ఉంటాం. చాలాకాలంగా బీపీ, షుగర్ ఉన్నాయి. టెల్మిసార్టాన్ 80 వేసుకుంటున్నాను. బీపీకి మంచివని విని రోజూ రెండు అరటిపండ్లు తింటూ, ఒక కొబ్బరిబొండం తాగుతున్నాను. రెండు నెలలుగా ఇంట్లో సోడియం తక్కువ ఉన్న ఉప్పు వాడుతున్నాం. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటాను. మొన్న పరీక్షలో పొటాషియం 5.7, క్రియాటినిన్ 1.5 వచ్చాయి. అరటిపండ్లు మానేశాను. పప్పు, దుంపలు కూడా మానాలా? మా ఆవిడ బీపీకి క్లోర్‌థాలిడోన్ వాడుతుంది. ఆమెకు పొటాషియం 3.3. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయంటోంది. ఒకే వంట తింటున్న మా ఇద్దరికీ ఇలా ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తిండి సంగతి తర్వాత చూద్దాం. ఈ రోజే ఒక ఈసీజీ తీయించుకోండి. పొటాషియం పరీక్ష కూడా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చేయించుకోండి. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ వరకు ఉండవచ్చు. 5.7 ఎక్కువే, కానీ ఆ అంకె నిజమైనదో కాదో ముందు తేలాలి. శరీరంలోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. చేతికి పట్టీ బిగించి, పిడికిలి పదేపదే మూయించి రక్తం తీసినా, తీసిన గొట్టం గంటల తరబడి బండి పెట్టెలో తిరిగి ల్యాబ్‌కు చేరినా, కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి రిపోర్టులో అంకె పెరిగిపోతుంది. అందుకే ఈసారి ఇంటికి మనిషిని పిలిపించుకోకుండా మీరే ల్యాబ్‌కు వెళ్లండి. పిడికిలి వదులుగా ఉంచండి. అంకె 6 దాటినా, ఈసీజీలో మార్పు కనిపించినా, ఒళ్లంతా నీరసించి కాళ్లు తేలిపోతున్నా, గుండె దడగా ఉన్నా లేక మరీ నెమ్మదిగా కొట్టుకుంటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అలాగని ఏ లక్షణమూ లేదు కాబట్టి ఫర్వాలేదనుకోవడానికీ లేదు. పొటాషియం పెరిగిన చాలామందికి ఏమీ తెలియదు.

గుండెకు దీనితో పని ఏమిటంటే, ప్రతి గుండెకణమూ లోపల ఎక్కువ, బయట తక్కువ పొటాషియం ఉంచుకుని, ఆ తేడాతోనే విద్యుత్తును నిలుపుకుంటుంది. బయట పొటాషియం పెరిగితే ఆ తేడా తగ్గి, విద్యుత్తు ఒకచోటి నుంచి మరోచోటికి నడవడం మందగిస్తుంది. ఈసీజీలో మొదట టీ తరంగం గుడిగోపురంలా సూదిగా లేస్తుంది. ఇంకా పెరిగితే గీతలు వెడల్పవుతాయి, చివరికి గుండె ఆగిపోవచ్చు. పొటాషియం తగ్గినా ప్రమాదమే. అప్పుడు గుండె మధ్యమధ్యలో అదనంగా కొట్టుకుంటుంది, లయ తప్పుతుంది.

మరి బీపీకి మంచిదన్న మాట అబద్ధమా? కాదు. పొటాషియం తగినంత అందితే మూత్రపిండాలు సోడియాన్ని ఎక్కువగా బయటికి పంపేస్తాయి, రక్తనాళాలు కొంత సడలుతాయి, బీపీ తగ్గుతుంది. పొటాషియం చాలకపోతే ఉప్పును పట్టి ఉంచుకుంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ఈ మేలంతా ఎక్కువైనదాన్ని బయటికి తోసేయగల మూత్రపిండాలు ఉన్నవారికే. క్రియాటినిన్ మూత్రపిండాల పనితీరును చెప్పే పరీక్ష. మీ వయసుకు అది 1.5 అంటే మూత్రపిండాల వడపోత వేగం, రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్ అని రాసేది, సుమారు 54 వస్తుంది. 60 కంటే తక్కువ. దానికి తోడు టెల్మిసార్టాన్ పొటాషియం బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది. డైక్లోఫెనాక్ మూత్రపిండాలకు రక్తసరఫరా తగ్గించి పనిని ఇంకా చెడగొడుతుంది. షుగర్ ఉన్నవారికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీ రోజును లెక్కవేద్దాం. మధ్యస్థమైన అరటిపండులో దాదాపు 400 మిల్లీగ్రాములు, రెండింటికి 800. కొబ్బరిబొండంలో నీళ్లు 250 మిల్లీలీటర్లు ఉన్నాయనుకుంటే 600 దాకా. మీరు అసలు అనుమానించని ఉప్పు సంగతి చూడండి. సోడియం తగ్గించిన ఉప్పులో ఆ లోటును పూరించేది పొటాషియం క్లోరైడే. ప్యాకెట్ మీద 30 శాతం ఉందనుకుంటే, రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు వాడేవారికి దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం అందుతుంది. అదీ ఉప్పు రూపంలో ఉండటంతో దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పప్పులో, కూరల్లో పీచుతో కలిసి ఉన్నది అంతగా పట్టదు. ఆరోగ్యవంతులకు ఈ ఉప్పు మంచిదే. 2021లో వెలువడిన చైనా గ్రామాల అధ్యయనంలో దీన్ని వాడినవారికి పక్షవాతం తగ్గింది. అయితే తీవ్రమైన మూత్రపిండ జబ్బు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సిఫార్సు కూడా మూత్రపిండ జబ్బు ఉన్నవారికి వర్తించదు. ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక ఉన్నా చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరు చదువుతారు?

అందుకని ఆ ఉప్పు డబ్బా, కొబ్బరినీళ్లు, డైక్లోఫెనాక్ ఈ రోజు నుంచే మీకు వద్దు. మామూలు ఉప్పే వాడండి, చెంచాకు మించకుండా. పచ్చళ్లు, అప్పడాలు పక్కన పెడితే ఆ కొలత సులువు. టెల్మిసార్టాన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. షుగర్ ఉన్న మూత్రపిండాలకు అది రక్ష కూడా. రెండో రిపోర్టు చూసి మోతాదు తగ్గించాలా, మరో మందు కలపాలా అన్నది మీ డాక్టరు నిర్ణయిస్తారు.

పప్పు మానకండి. 30 గ్రాముల కందిపప్పులో 400 మిల్లీగ్రాములు, ఒక అరటిపండుకు సమానం. ఆ మాట వినగానే చాలామంది పప్పు కూడా ఆపేసి మాంసకృత్తులు లేక నీరసపడతారు. ఒక పూట ఒక చిన్న గిన్నె చాలు. పప్పును నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, నీళ్లు ఎక్కువ పోసి విడిగా ఉడికించి వార్చండి. వార్చిన కట్టుతో చారు కాచుకుంటే మాత్రం చేసిందంతా వృథా. పొటాషియం ఆ నీళ్లలోనే ఉంటుంది. దుంపలకూ ఇదే పద్ధతి. బంగాళాదుంప, చేమదుంప, కంద అన్నిటిలోనూ పొటాషియం బాగా ఉంటుంది. తొక్క తీసి చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి, తర్వాతే తాలింపు వేయండి. ముక్కలను ఊరికే నానబెడితే పెద్దగా పోదు. కుక్కర్లో కొద్ది నీళ్లతో ఉడికించినా, వేపుడు చేసినా ఉన్నది ఉన్నట్టే మీ కంచంలోకి వస్తుంది. రెండో పరీక్ష 5లోపు వస్తే వారానికి రెండు మూడు సార్లు సగం అరటిపండు తినవచ్చో లేదో మీ డాక్టరును అడగండి.

ఇక మీ ఆవిడ సంగతి. క్లోర్‌థాలిడోన్ మూత్రంలో ఉప్పుతో పాటు పొటాషియాన్ని కూడా పంపేస్తుంది. 3.3కి, పిక్కలు పట్టేయడానికి అదే కారణం కావచ్చు. మీరు మానేసినవి ఆమె మానకూడదు. అరటిపండు, పప్పు కట్టుతో చారు, వేయించిన చేమదుంపలు, కొబ్బరినీళ్లు ఆమె తినవచ్చు, తాగవచ్చు. కానీ షుగర్, మూత్రపిండాల ఇబ్బంది ఆమెకు లేవని ముందు షుగర్, క్రియాటినిన్ పరీక్షలు చూసి నిర్ధారించుకోవాలి. తిండి ఒక్కదానితో ఈ లోటు తీరకపోవచ్చు. మందు మోతాదు తగ్గించడమో, పొటాషియం నిలిపే మరో మందు కలపడమో అవసరమవుతుంది. మెగ్నీషియం పరీక్ష కూడా రాయమని అడగండి. అది తక్కువుంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు.