బుజ్జీ, ఆ "ఎట్టకేలకు" తీసెయ్

బుజ్జీ,

కొత్త ఉద్యోగంలో చేరుతున్న సంగతి చెబుతూ నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పెట్టిన డ్రాఫ్టు చదివాను. పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. "బాగుందని ఒక్క ముక్క చెప్పు పిన్నీ, లింక్డ్ఇన్‌లో పెట్టేస్తా" అన్నావు. బాగాలేదే. ఫోన్లో చెబితే మధ్యలోనే అడ్డం పడతావని రాస్తున్నాను.

22 ఏళ్ళుగా మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలో ఉన్నదాన్ని. ఇలాంటి పోస్టులు రోజూ కళ్ళబడుతూనే ఉంటాయి. మనవాళ్ళు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. "థ్రిల్డ్", "హంబుల్డ్" లాంటి మాటలు ఎక్కడో విన్నవి, అరువు తెచ్చుకున్నవి. వాటి వెనక మనం ఏమంటున్నామో మనకే వినపడదు. అందుకే నేను ఏ డ్రాఫ్టు వచ్చినా ముందు తెలుగులో చెప్పుకుని చూస్తాను. నీది ఇలా వచ్చింది:

"నాలుగేళ్ళు ఒకేచోట ఆగిపోయాక, ఎట్టకేలకు ప్రతిభకు విలువిచ్చే చోటికి చేరాను. 1,200 మందిలోంచి నన్ను ఎంచుకున్నందుకు వినయంతో తలవంచుతున్నాను. ఇక అసలైన ఇంజినీరింగ్ మొదలు."

ఇది మీ పాత టీమ్ లీడ్ ఎదురుగా నిలబడి, ఆయన చేతిలో టీ గ్లాసు ఉండగా చెప్పగలవా? చెప్పలేవు కదా. అయితే ఆయన ఫోన్లో చదువుకునేలా కూడా రాయకూడదు.

ఒక్కో మాటా చూడు. "ఎట్టకేలకు" అన్నావంటే ఇన్నాళ్ళూ జైల్లో ఉన్నట్టు. "అసలైన ఇంజినీరింగ్" అంటే అక్కడ ఇప్పటికీ చేస్తున్న వాళ్ళది నకిలీ పని అన్నట్టు. "విలువిచ్చే చోటు" అంటే పాతచోట విలువ ఇవ్వలేదని. పాత కంపెనీ పేరెత్తి ఒక్క చెడ్డ మాట కూడా అనలేదని నువ్వు అనుకుంటున్నావు. నిజమే, అనలేదు. కానీ కొత్తదాన్ని పొగిడిన ప్రతిచోటా పోలిక పెట్టావు, ఆ పోలికలో దెబ్బ పాతదానికే తగిలింది. పోలిక లేకుండా కొత్తదాని గురించి ఎంతైనా చెప్పుకో, ఎవరికీ నొప్పి ఉండదు.

ఆ 1,200 సంగతి. ఆ లెక్క రిక్రూటర్ నీకు మాటవరసకు చెప్పింది. అందులో సగం మంది రెజ్యూమేలు ఎవరూ తెరిచి కూడా ఉండరు, ఆ పని చేసేదాన్ని కాబట్టి చెబుతున్నా. పైగా రాని వాళ్ళలో నీ కనెక్షన్లు కూడా ఉంటారు. ఎంత మందిని దాటి వచ్చావు, ఎన్ని ఆఫర్లు వచ్చాయి, జీతం ఎంత పెరిగింది, ఈ మూడూ ఇంట్లో చెప్పుకునేవి. "తలవంచుతున్నాను" అని పక్కన చేర్చినంత మాత్రాన గొప్ప తగ్గదు, ఇంకాస్త ఎక్కువ కనిపిస్తుంది.

ఇదంతా నేను చేయని తప్పేం కాదు. 2016లో నేను ఒక కంపెనీ వదిలినప్పుడు "కిటికీలు లేని గదిలోంచి బయటికొచ్చి గాలి పీల్చుకున్నట్టుంది" అని రాశాను. భలే రాశాననుకున్నాను. వందకు పైగా లైకులు. ఆ రాత్రి నా పాత టీమ్‌లోని ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది: "కంగ్రాట్స్ అక్కా. మేమంతా ఇంకా ఆ గదిలోనే ఉన్నాం." వెక్కిరింపు కూడా కాదే అది, మామూలుగానే అంది. పోస్టు తీసేశాను గానీ చదవాల్సిన వాళ్ళంతా అప్పటికే చదివేశారు. నాకు కోపం ఉన్నది ఒక్క మేనేజర్ మీద. తగిలింది మాత్రం నాతో మూడేళ్ళు లంచ్ బాక్స్ పంచుకున్న పిల్లలకి.

మరి పాతచోటు గురించి ఏం రాయాలి? "అద్భుతమైన ప్రయాణం, ఎన్నో నేర్చుకున్నాను" అని రాయొద్దు. ఎవరూ నమ్మరు, నీకే నమ్మకం లేదు. అబద్ధపు పొగడ్త కూడా ఒకరకంగా చిన్నచూపే. నువ్వు నిజంగా నేర్చుకున్నది ఒకటి పట్టుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పావు చూడు, రాత్రి రెండింటికి సిస్టమ్‌లో నడిచే జాబ్ ఒకటి ఫెయిలైతే లీడ్ నిన్ను తిట్టకుండా, తను సరిచేసేయకుండా, "లాగ్ కింది నుంచి పైకి చదువు, మొదటి ఎర్రర్ ఎక్కడుందో నువ్వే చెప్పు" అంటూ గంటన్నర కాల్‌లో కూర్చున్నాడని. అదే రాయి. అలాంటి ఒక్క సంగతి ఉంటే ఆ కంపెనీని పొగడక్కర్లేదు, తెగడక్కర్లేదు. చదివినవాళ్ళకి ఆ మనిషి మీద గౌరవం కలుగుతుంది, నీ పని తీరూ తెలుస్తుంది. ప్రమోషన్ రెండేళ్ళు ఆపారన్న బాధ నీకుందని నాకు తెలుసు. దాన్ని పొగడ్త కింద కప్పిపెట్టమనడం లేదు. దాని గురించి మాట్లాడే చోటు ఇది కాదంటున్నాను, అంతే. సంస్థకు థాంక్స్ చెప్పాలని మనసు రాకపోతే మనుషులకు చెప్పు.

ఇక్కడొక జాగ్రత్త. ఆ రాత్రి కథ రాసేటప్పుడు క్లయింట్ పేరు, ఏ సిస్టమ్ ఆగిపోయింది, ఎంతసేపు ఆగింది అన్నవి రాకూడదు. నువ్వు సంతకం పెట్టిన లాంటి ఒప్పందాల్లో గోప్యత షరతు మామూలుగా ఉద్యోగం మానేసినా పోదు. "ఒక అర్ధరాత్రి జాబ్ ఫెయిలైంది" అంటే సరిపోతుంది.

లీడ్‌ని ట్యాగ్ చేస్తానన్నావు. ముందు వాట్సాప్‌లో అడుగు. ఆయన ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. వెళ్ళిపోయిన అమ్మాయి పోస్టులో తన పేరు పై మేనేజర్ల కంట పడటం ఆయనకు ఇష్టం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వద్దంటే "మా లీడ్" అని రాయి. పద్నాలుగు మందిని వరసపెట్టి ట్యాగ్ చేయడం మానెయ్. పదిహేనో వాళ్ళు నా పేరేదీ అనుకుంటారు, పెళ్ళి శుభలేఖలో పేరు మర్చిపోయినట్టు.

ఎప్పుడు పెట్టాలన్నది మాటలంత ముఖ్యం, నువ్వు అసలు ఆలోచించింది లేదు. సోమవారం జాయినింగ్, సోమవారం సాయంత్రం పోస్టు అంటున్నావు. పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ వచ్చిందా? ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బులు పడ్డాయా? కొత్త కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తయిందా? చాలాచోట్ల అది చేరాక కూడా కొన్ని వారాలు నడుస్తుంది. ఇవన్నీ పాతవాళ్ళ చేతుల్లో ఉండగా వాళ్ళ మనసు నొచ్చుకునే పోస్టు పెట్టడం ఎందుకు చెప్పు? రెండు మూడు వారాలు ఆగు. ఆగితే ఇంకో లాభం, కొత్తచోట నువ్వు చేసే పని ఏమిటో నీకే తెలుస్తుంది, రాయడానికి నాలుగు నిజాలు దొరుకుతాయి.

ఈలోపు ప్రొఫైల్ మార్చుకోవచ్చు. కొత్త ఉద్యోగం చేర్చే ఫారంలో Notify network అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆపి ఉంచు. లేదంటే నువ్వు మాట రాయకముందే అందరికీ కబురు వెళ్ళిపోతుంది. పాత ఉద్యోగంలోకి వెళ్ళి I am currently working in this role దగ్గర టిక్కు తీసి, చివరి నెల సరిగ్గా వెయ్యి. అది మర్చిపోతే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఇలాంటివి చూసి నేనే ఎంతమందినో ఫోన్ చేసి అడిగాను.

ఫోటో అంటూ ఐడీ కార్డు, లాప్‌టాప్ పక్కపక్కన పెట్టి తీసింది పంపావు. కార్డు మీద ఎంప్లాయీ నంబరు, బార్‌కోడ్ కనబడుతున్నాయి. కార్డు తిప్పి పెట్టి తియ్యి, లేదా ఫోటోనే వద్దు.

ఫోన్లో పోస్టు మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే. అందుకని ఆ లైన్లలో ఊరింపులు పెట్టకు. ఏ పని, ఎక్కడ, ఎప్పటినుంచి అన్నది చెప్పెయ్. చాలామంది అంతవరకే చదివి అభినందనలు చెప్పి వెళ్ళిపోతారు, వాళ్ళకి అదే కావాలి. తెలుగులో రాసిస్తున్నా, ఇంగ్లీషు నువ్వు చేసుకో. చేసేటప్పుడు తీసేసిన మాటలు మళ్ళీ దూర్చకు:

"మూడు వారాల కిందట ఫలానా కంపెనీలో సీనియర్ ఇంజినీర్‌గా చేరాను. చెల్లింపుల విభాగంలో, ఆగిపోయిన లావాదేవీలను కనిపెట్టే సిస్టమ్ మీద పని.

దీనికి ముందు నాలుగేళ్ళు ఫలానా సంస్థలో సపోర్ట్ టీమ్‌లో ఉన్నాను. ఒక అర్ధరాత్రి జాబ్ ఫెయిలైనప్పుడు మా లీడ్ గంటన్నర కాల్‌లో ఉండి, లాగ్ కింది నుంచి పైకి చదవడం నేర్పించారు. కొత్తచోట మొదటి వారం నేను పట్టుకున్న తప్పు అలా చదివే దొరికింది. ఆయనకూ, నైట్ షిఫ్టుల్లో తోడున్న టీమ్‌కూ థాంక్స్.

ఇక్కడ నాకు తెలియనిదే ఎక్కువ. చెల్లింపుల సిస్టమ్‌ల మీద పనిచేసిన వాళ్ళెవరైనా మొదట ఏం చదవాలో చెబితే సంతోషం."

చూశావా, గొప్ప చెప్పుకోలేదు, అలాగని నిన్ను నువ్వు తక్కువ చేసుకోనూ లేదు. సీనియర్ అన్న మాట అలాగే ఉంచాను, అది నీ హోదా, దాచుకోవడం ఎందుకు. మొదటి వారం తప్పు పట్టుకున్నావన్నది గొప్పే, కానీ ఆ గొప్ప పాత లీడ్ ఖాతాలోకి వెళ్ళింది. ఆ సంగతి నిజంగా జరిగితేనే ఉంచు, జరగకపోతే ఆ వాక్యం కొట్టెయ్.

"మా దగ్గర ఖాళీలున్నాయి, పాత టీమ్ వాళ్ళు మెసేజ్ చేయండి" అన్న నీ చివరి లైను పూర్తిగా తీసేశాను. మానేశాక కొంతకాలం పాత సహోద్యోగుల్ని లాగకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది, నీది తీసి చదువు.

కామెంట్లలో ఒకడు తప్పకుండా వస్తాడు: "మంచి పని చేశావ్, అక్కడ ఎవడుంటాడు!" అని. నవ్వు బొమ్మ పెట్టకు, లైక్ కొట్టకు. "థాంక్స్, ఎలా ఉన్నావ్?" అని ఊరుకో. మరీ శృతి మించితే నీ పోస్టు కింద కామెంటు నువ్వే తీసెయ్యొచ్చు, తీసి అతనికి విడిగా ఒక మాట చెప్పు.

అన్నట్టు, నీ ప్రొఫైల్ ఫోటో చుట్టూ #OpenToWork ఆకుపచ్చ పట్టీ ఇంకా అలాగే ఉంది. పోస్టు సంగతి తర్వాత, ముందు అది తీసెయ్. శనివారం అమ్మ దగ్గరికి వస్తున్నా, ఒప్పందం కాగితాలు తెచ్చి పెట్టు.

పిన్ని