గడిలో ఉన్నది ఎవరో పిలుపే చెబుతుంది

అమ్మలూ,

క్విజ్‌లో కామిక్స్ రౌండ్ కూడా ఉందనీ, తెర మీద ఒక్క గడి చూపించి అందులో ఉన్నది ఎవరో చెప్పమంటారనీ రాశావు. ‘పీనట్స్’ కామిక్‌లో చార్లీ బ్రౌన్‌నీ అతని కుక్క స్నూపీనీ గుర్తుపడుతున్నాను గానీ మిగతా పిల్లలందరూ ఒకేలా ఉన్నారు పెదనాన్నా అన్నావు. నిజమే, అందరివీ గుండ్రటి తలలే, కళ్లకి రెండు చుక్కలే. అందుకే ముఖం చూసి పోల్చుకోవాలని కూర్చోకు. ముందు మాట చూడు, తర్వాత చేతిలో ఏముందో చూడు, బట్టలు ఆఖరున చూడు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నేనూ అలా చేసే ఒకసారి తప్పు చెప్పాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మాటే ముందు ఎందుకంటే, మనింట్లో పక్కగదిలోంచి "పెదనాన్నా" అని వినిపిస్తే నువ్వో మీ తమ్ముడో అని తెలుస్తుంది. "ఏరా" అంటే మీ నాయనమ్మ. మనిషి కనబడక్కర్లేదు. ఈ కామిక్ గీసిన షుల్జ్ కూడా తన పాత్రలకి అలాంటి పిలుపులే ఇచ్చాడు. చార్లీ బ్రౌన్‌ని దాదాపు అందరూ పూర్తిపేరుతో "చార్లీ బ్రౌన్" అనే పిలుస్తారు. కాబట్టి ఆ పిలుపు వల్ల పిలిచినవాళ్లెవరో తేలదు. కానీ "చక్" అని కనబడితే మాట్లాడుతున్నది పెప్పర్‌మింట్ ప్యాటీ అనుకో. "చార్లెస్" అని ఉంటే కళ్లద్దాల మార్సీ. మార్సీ ఎప్పుడైనా "చక్" కూడా అంటుంది గనక ఆ ఒక్కచోట అద్దాలున్నాయేమో చూసుకో. "బిగ్ బ్రదర్" అంటే చెల్లెలు శాలీ. బేస్‌బాల్ మైదానంలో చార్లీ బ్రౌన్‌ని "మేనేజర్" అని పిలవడం వినబడితే ముందుగా లూసీనే అనుమానించు. ఆమె రైట్ ఫీల్డ్‌లో ఉండాల్సిన మనిషి, అక్కడ నిలబడకుండా మాటిమాటికీ బంతి విసిరే చోటికి నడిచొస్తుంది. ఇక "ఆ గుండ్రతల పిల్లాడు" అని ఉంటే అది స్నూపీ మనసులో మాట. అన్నం పెట్టే యజమాని పేరు దానికి గుర్తుండదు.

స్నూపీ దగ్గర ఇంకో ఆనవాలుంది. అది పైకి మాట్లాడదు. దాని మాటలు మబ్బులాంటి బుడగలో ఉంటాయి, బుడగ నుంచి తల దాకా తోక బదులు చిన్న చిన్న గుండ్రాలు దిగుతాయి. గడిలో కుక్కగూడు పైకప్పు ఒక్కటే కనబడి, పైన మబ్బు బుడగ ఉన్నా చాలు. అక్షరాలు లేకుండా నిలువు గీతలు మాత్రమే ఉంటే అది పిట్ట మాట. పిట్ట ఒక్కటే ఉండి స్నూపీతో కబుర్లాడుతుంటే వుడ్‌స్టాక్ అని చెప్పెయ్యి. నాలుగైదు పిట్టలు వరసగా నడుస్తుంటే మాత్రం ఏది వుడ్‌స్టాకో చెప్పడం కష్టం, అన్నీ ఒకే పోలికగా గీసేవాడు. అలాంటి గడి ఇస్తే పేరున్న మాట కోసం వెతుకు.

పిలుపు ఒక్కోసారి ఇద్దరినీ పట్టిస్తుంది. "స్వీట్ బబూ" అంటే అన్నది శాలీ, అనిపించుకున్నది లైనస్. "నేను నీ స్వీట్ బబూని కాను" అని అరిస్తే అరిచింది లైనస్. మార్సీ, పెప్పర్‌మింట్ ప్యాటీల సంగతీ అంతే. ఒక గడి ఊహించుకో. బడిలో ముందు బెంచీ మీద ఎవరో తల వాల్చి నిద్రపోతున్నారు, ముఖం కనబడదు. వెనక ఉన్న పిల్ల గడి అంచులో సగం తెగిపోయింది. బుడగలో "సర్, టీచర్ మిమ్మల్నే అడుగుతున్నారు" అన్న అర్థం వచ్చే మాట ఉంది. "సర్" అన్నదంటే అది మార్సీ. ఆమె అలా పిలిచేది పెప్పర్‌మింట్ ప్యాటీనే. ఇప్పుడు బెంచీ కిందకి చూడు, కాళ్లకి చెప్పులున్నాయి. ఈ పాత్ర బూట్లు కాకుండా శాండల్స్ వేసుకుంటుంది. బడిలో అవి వేసుకోవద్దన్నారని ఏడ్చిన కథ కూడా ఉంది. మాట, చెప్పులు రెండూ కలిశాయి కాబట్టి ఇక టెన్షన్ లేదు. టీచర్ ఎక్కడని వెతక్కు, ఈ పిల్లల లోకంలో పెద్దవాళ్లని గడిలో దాదాపు గీయనేలేదు.

ఒక్క జాగ్రత్త. "గుడ్ గ్రీఫ్" అనే మాటని నమ్ముకోవద్దు. చార్లీ బ్రౌన్ మాటగా పేరుపడింది గానీ లూసీ అంటుంది, లైనస్ అంటాడు, అందరూ అంటారు.

వస్తువుల విషయానికొస్తే, వస్తువు ఎవరిదో చూడటం చాలదు, ఎవరు దాన్ని ఎలా పట్టుకున్నారో చూడాలి. దుప్పటి లైనస్‌దే, కానీ స్నూపీ నోటితో లాక్కుని పరిగెడుతూ ఉంటుంది. బొటనవేలు నోట్లో, దుప్పటి చెంపకి, రెండూ ఉంటే అప్పుడు లైనస్. బొమ్మ పియానో ముందు వంగి వాయిస్తున్నవాడు ష్రోడర్. పియానోకి ఆనుకుని, మోచేతి మీద తల పెట్టుకుని ఉన్నది లూసీ. పైన బీథోవెన్ తల బొమ్మ ఉంటుంది. ష్రోడర్‌ని పియానో లేకుండా చూపిస్తే చాలామంది తడబడతారు. బేస్‌బాల్‌లో అతను క్యాచర్. ముఖానికి జాలీ, ఛాతీకి దళసరి కవచం వేసుకుని చార్లీ బ్రౌన్‌తో మాట్లాడే కుర్రాడు అతనే. 5 సెంట్లు తీసుకుని మనసు బాధలకి సలహా చెప్పే బల్ల వెనక కూర్చునేది లూసీ, ఎదుట స్టూలు మీద దిగాలుగా ఉన్నవాడు ఎక్కువసార్లు చార్లీ బ్రౌన్.

బట్టలు ఆఖరున అన్నాను కదా. రోజువారీ గడులు నలుపు తెలుపులో వచ్చేవి కనుక రంగు పనికిరాదు. అడ్డచారల చొక్కా లైనస్‌కీ ఉంది, ష్రోడర్‌కీ ఉంది, పెప్పర్‌మింట్ ప్యాటీకీ ఉంది. ఒంటరిగా చారలు చూసి పేరు చెప్పావంటే మూడింట రెండుసార్లు తప్పే. చార్లీ బ్రౌన్ చొక్కా మీది వంకరగీత మాత్రం ఇంచుమించు అతనిదే. దానికీ ఓ హద్దుంది. స్ట్రిప్ 1950 అక్టోబరు 2న మొదలైంది, ఆ గీత డిసెంబరు 21న గానీ రాలేదు. అంతవరకూ అతను సాదా చొక్కాతోనే ఉన్నాడు. మొదటి రోజు గడుల్లో ఉన్న అమ్మాయి పేరు ప్యాటీ. 1966లో వచ్చిన పెప్పర్‌మింట్ ప్యాటీ వేరు. రెండూ కలిపి అడగడం క్విజ్‌వాళ్లకి అలవాటు. గౌను, తలలో రిబ్బను ఉంటే ప్యాటీ. చెప్పులు, నిక్కరు, ముఖం మీద మచ్చలుంటే పెప్పర్‌మింట్ ప్యాటీ.

ఇక నా తప్పు. సైకిలు వెనక సీట్లో కూర్చున్న చిన్న పిల్లాడి గడి ఇచ్చారు. జుట్టు చూసి వెంటనే లైనస్ అన్నాను. సరైన జవాబు అతని తమ్ముడు రీరన్. ముఖం, జుట్టు అన్నని పోలినట్టే ఉంటాయి. ఏది చూడాల్సిందో తర్వాత తెలిసింది. దుప్పటి లేదు, బొటనవేలు నోట్లో లేదు. పైగా అమ్మ తొక్కే సైకిలు వెనక కూర్చుని భయపడుతూ వెళ్లేది ఈ తమ్ముడే. అమ్మ మాత్రం గడిలో కనబడదు. తర్వాతి సంవత్సరాల గడుల్లో రీరన్‌కి భుజాల పట్టీల ప్యాంటు వేశాడు, అది మరింత సులువు. ఇతను 1973లో గానీ గడిలోకి రాలేదు కాబట్టి, 1960ల నాటి గడి అని తెలిస్తే రీరన్‌ని లెక్కలోంచి తీసెయ్యొచ్చు.

పోటీకి ఇంకా వారం ఉందన్నావు కదా. రోజూ పది గడులు తీసుకుని, తలలన్నిటి మీదా చిన్న కాగితం ముక్కలు పెట్టి మూసెయ్. బుడగా, చేతులూ, కాళ్లూ మాత్రం కనబడాలి. పేరు చెప్పి, ఎందుకో ఒక్క ముక్కలో రాసుకుని, అప్పుడు కాగితం తియ్యి. ఆదివారం వచ్చేటప్పుడు నువ్వు తప్పు చెప్పినవి విడిగా పట్టుకురా, సరిగ్గా చెప్పినవి అక్కర్లేదు.

ప్రేమతో,
పెదనాన్న