టెంపేలో మాంసకృత్తులు పెరిగాయా, నీరు తగ్గిందా?

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లా. మా పొలంలో పండిన సోయా చిక్కుడుతో బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మా అబ్బాయి ఉడికించిన గింజను బూజుతో పులియబెట్టి గడ్డకట్టించే టెంపే చేసి అమ్ముతున్నాడు. పరీక్ష చేయిస్తే 100 గ్రాములకు మాంసకృత్తులు ఉడికించిన గింజలో 17.4, టెంపేలో 19, బజారులో కొన్న మెత్తటి టోఫులో, అంటే సోయా పాల పన్నీరులో, 8.1 గ్రాములు వచ్చాయి. పులియబెడితే మాంసకృత్తులు పెరుగుతాయని ప్యాకెట్ మీద వేసుకోవచ్చా? నివేదిక జతపరిచాను.

జవాబు: వద్దండి. మినప్పిండి రాత్రంతా పులిసి గిన్నె దాటి పొంగినా అందులో పోసిన మినుములు పెరగవు కదా, ఇదీ అంతే. మీ నివేదికలో మాంసకృత్తుల పక్కనే తేమ అంకె కూడా ఉంది. అసలు సంగతి అక్కడే ఉంది.

ఉడికించిన గింజలో తేమ 63.5 శాతం, అంటే 100 గ్రాములలో గట్టి పదార్థం 36.5 గ్రాములు. అందులో 17.4 గ్రాములు మాంసకృత్తులు కాబట్టి, నీరు తీసేసి లెక్కిస్తే దాదాపు 48 శాతం. టెంపేలో తేమ 61 శాతం. అదే లెక్క వేస్తే 49 శాతానికి కాస్త తక్కువ. మీరు చూసిన 1.6 గ్రాముల తేడా ఇప్పుడు ఒక్క శాతం దగ్గర ఆగింది. టోఫులో తేమ 84.5 శాతం, అందుకే పైకి వెలవెలబోయినట్టు కనిపించింది. నీరు తీసేస్తే 52 శాతంతో అదే ముందుంటుంది. గట్టిగా అదిమిన టోఫు తెచ్చి పరీక్షకు ఇస్తే 100 గ్రాములకు 17 గ్రాములు కూడా రావచ్చు. కాబట్టి ‘టోఫులో ఇంత’ అని ఒకే అంకె చెప్పేవారిని, దాన్ని ఎంత అదిమారని అడగండి.

అలాగని టోఫు గెలిచిందని అనుకోనక్కర లేదు. టోఫు కోసం సోయా పాలు వడగట్టినప్పుడు పిప్పిలోను, విరిగాక మిగిలే నీటిలోను పీచు, చక్కెరలు పోతాయి. వాటితోపాటు కొంత మాంసకృత్తు కూడా పోతుంది. మీరు పండించిన కిలో గింజను లెక్కలోకి తీసుకుంటే టెంపేలో పొట్టు తప్ప పప్పంతా నిలిచి ఉంటుంది.

మిగిలిన ఆ ఒక్క శాతం ఎక్కడిదంటే, రైజోపస్ అనే బూజు బతకడానికి గింజలోని కొవ్వును, పిండి పదార్థాన్ని కొద్దిగా వాడుకుంటుంది. అది బొగ్గుపులుసు వాయువుగా, వేడిగా బయటికి పోతుంది. మాంసకృత్తు దాదాపు అలాగే ఉంటుంది గనుక దాని వాటా పెరిగినట్టు తోస్తుంది. దీన్ని మీ అబ్బాయి తక్కెడతోనే చూడవచ్చు. తోడు కలిపిన గింజను చిల్లులు పెట్టిన సంచిలో సరిగ్గా కిలో నింపి, 30 నుంచి 32 డిగ్రీల వేడిలో ఉంచి, 36 గంటల తర్వాత మళ్లీ తూచమనండి. మీ అంకెల ప్రకారం సుమారు 915 గ్రాములు తూగాలి. మొదట కిలోలో ఉన్నది 174 గ్రాముల మాంసకృత్తు, 915 గ్రాముల టెంపేలో ఉన్నదీ 174 గ్రాములే. తగ్గిన 85 గ్రాములలో చాలావరకు నీరే.

పులియబెట్టినందువల్ల నిజంగా మారేది మాంసకృత్తు రూపం. బూజు దాన్ని చిన్న ముక్కలుగా తుంచుతుంది, నీటిలో కరిగే భాగం బాగా పెరుగుతుంది. ఇనుము, జింకు వంటి ఖనిజాలను ఒంటికి సరిగా పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం కూడా కొంత తగ్గుతుంది. అయితే పచ్చి సోయాలో జీర్ణానికి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలను తొలగించేది ప్రధానంగా ఉడకబెట్టడమే. సగం ఉడికిన గింజను బూజు బాగుచేస్తుందని అనుకోవద్దు.

ఒక హెచ్చరిక. తెల్లటి బూజు గింజలను దిండులా పట్టి ఉంచి, పుట్టగొడుగు వాసన వస్తే సరుకు బాగున్నట్టు. గింజలు జిగురుగా తీగ సాగినా, ముక్కును పొడిచే అమ్మోనియా వాసన వచ్చినా పారేయాలి. విచిత్రమేమిటంటే పరీక్షలో అది పెద్దగా బయటపడకపోవచ్చు. ప్రయోగశాల కొలిచేది మాంసకృత్తును కాదు, నత్రజనిని. అమ్మోనియాలోనూ ఉన్నది నత్రజనే.

అందుకే ప్రయోగశాలవారిని ఒక మాట అడగండి, మాంసకృత్తు అంకె రాబట్టడానికి నత్రజనిని దేనితో గుణించారని. సాధారణంగా 6.25 వాడతారు, సోయాకు ప్రత్యేకంగా 5.71 వాడేవారూ ఉన్నారు. మీ టెంపేకు 6.25 వాడి ఉంటే అందులో నత్రజని 3.04 శాతం. దాన్నే 5.71తో గుణిస్తే వచ్చేది 17.4, అంటే మీ ఉడికించిన గింజ అంకె! రెండు నమూనాలకూ ఒకే గుణకం వాడారని రాతపూర్వకంగా తెలిశాకే 100 గ్రాములకు 19 గ్రాములని ప్యాకెట్ మీద వేయించండి. ‘పెరుగుతాయి’ అన్న మాట మాత్రం తీసేయండి.

— ఆహార విజ్ఞాన శాస్త్రవేత్త, బెంగళూరు