‘ఖండిస్తున్నాము’ అంటే కోపమా?

సందేహం: విశాఖపట్నంలో రొయ్యలను శుద్ధి చేసే ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. మంగళవారం సాయంత్రం కంప్రెసర్ నుంచి పాత నూనె తీస్తుంటే కాసేపు అమ్మోనియా వాసన వచ్చింది. మరునాటికి వాట్సాప్‌లో ‘గ్యాస్ లీకై కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు’ అని పాకింది. కంపెనీ తరఫున నేనిలా రాశాను: ‘ఈ నిరాధార ఆరోపణలను తీవ్రంగా ఖండిస్తున్నాము. మా ప్లాంటులో ఎటువంటి గ్యాస్ లీక్ చేయబడలేదు.’ చదివినవారు కోప్పడుతున్నట్టుంది అంటున్నారు. ‘ఖండించడం’ తప్పా?

సమాధానం: ‘ఖండించు’ తప్పు మాట కాదు. కానీ అది రెండు పనులు చేస్తుంది. పూర్వపక్షాన్ని హేతువులతో కాదనడమూ ఖండించడమే, దాడినో దౌర్జన్యాన్నో నిరసించడమూ ఖండించడమే. పక్కన ‘తీవ్రంగా’ చేరగానే మొదటి అర్థం వెనక్కి పోయి రెండోది మిగులుతుంది. అప్పుడు మీ వాక్యం వార్తను వదిలి, దాన్ని చెప్పినవారి మీదికి వెళుతుంది. ‘ఆరోపణ’ కూడా అలాంటిదే. అది ఒకరు మరొకరి మీద మోపే నేరం. ముక్కుకు వాసన తగిలి ‘ఏమైంది?’ అని అడిగినవారు మీ మీద ఏ నేరమూ మోపలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి కమ్ముకున్న తరువాత ఈ ఊళ్లో ‘గ్యాస్’ అన్న మాటకు జనం ఉలిక్కిపడటంలో వింత లేదు. పేరు పెట్టక తప్పదనుకుంటే ‘వదంతి’ మేలు. సంస్కృతంలో ‘వదంతి’ అంటే ‘చెబుతున్నారు’ అని బహువచన క్రియ. ఎవరు చెప్పారన్నది అందులో లేదు కనుక ఎవరినీ వేలెత్తి చూపదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ‘లీక్ చేయబడలేదు’ అన్న ప్రయోగం. తెలుగులో గ్యాసు లీకవుతుంది, ప్రశ్నపత్రాన్ని లీకు చేస్తారు. ‘చేయబడలేదు’ అనేసరికి ‘మేము కావాలని వదలలేదు’ అన్న ధ్వని వస్తుంది. అంటే దానంతటది లీకై ఉండవచ్చునన్న అనుమానానికి మీరే తలుపు తీసినట్టవుతుంది. పోనీ ‘లీకు కాదు’ అని రాస్తే అది ‘ఎప్పటికీ జరగదు’ అనే హామీ అవుతుంది, అంత హామీ ఏ యంత్రం తరఫునా ఇవ్వలేము. ‘లీకవడం లేదు’ అన్నది ఈ క్షణం సంగతి. మీకు కావలసింది ఆ రోజు సంగతి కనుక ‘లీకు కాలేదు’ అనాలి, దానికి రోజూ వేళా జోడించాలి. వాసన విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘అది అమ్మోనియా వాసన కాదు’ అన్నారంటే అబద్ధమాడినట్టే, ఎందుకంటే నూనెలో కరిగి ఉన్న అమ్మోనియా కొంత బయటికి వచ్చింది. వాసన వచ్చిన మాట ఒప్పుకుని, లీకును మాత్రమే కాదనాలి.

ఇంకొక చిక్కు మన వాక్య నిర్మాణంలోనే ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, నిషేధం దానితోపాటే వస్తుంది. ‘గ్యాస్ లీకై కార్మికులు ఆసుపత్రి పాలయ్యారన్న వార్తలో నిజం లేదు’ అని రాస్తే, చదువరి వదంతినంతా మరోసారి చదివిన తరువాత గాని ‘లేదు’ దగ్గరికి చేరడు. ఫోనులో ఆ మొదటి సగం చూసి వదిలేసేవారే ఎక్కువ. అందుకే వదంతిని ఒక్కసారి, పొట్టిగా చెప్పి, జరిగినదాన్ని విడి వాక్యాలలో పెట్టాలి. నేనైతే ఇలా రాస్తాను:

‘మంగళవారం సాయంత్రం మా కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ నుంచి పాత నూనె తీశాము. ఆ నూనెలో కలిసి ఉన్న అమ్మోనియా వల్ల కాసేపు వాసన వచ్చింది. దీనిని గ్యాస్ లీకుగా కొందరు భావించారు. ఆ రోజు మా ప్లాంటులో పైపులు గాని వాల్వులు గాని లీకు కాలేదు. ఆ షిఫ్టులో పనిచేసిన మా సిబ్బందిలో ఎవరూ ఆసుపత్రిలో చేరలేదు.’

చివరి రెండు వాక్యాలు రాసేముందు ఆ సాయంత్రపు లాగ్‌బుక్కునూ, హాజరు పట్టీనీ చూడండి. అందులో వేరే సంగతి ఉంటే వాక్యమూ మారాలి. ‘మా సిబ్బందిలో’ అన్న మాట ఊరికే పెట్టలేదు. ఇరుగుపొరుగు వారిలో ఎవరైనా ఆసుపత్రికి వెళ్లారో లేదో మీకు తెలియదు కాబట్టి, తెలిసినంత మేరకే హద్దు గీయాలి. ‘నిరాధార’, ‘దురుద్దేశంతో’, ‘ఏమాత్రం’ వంటివి ఎక్కడా అవసరం పడలేదని గమనించండి. ‘కొందరు భావించారు’ అన్నచోట ‘కొందరు పుట్టించారు’ అనివుంటే మళ్లీ తగవుకు దిగినట్టయ్యేది.

శీర్షికలో కూడా ‘ఖండన’ వద్దు, ‘వివరణ’ చాలు.